తడిస్తే తెలిసే తేడా: బెరడు తోలు చెప్పు, క్రోమ్ తోలు బూటు ఎలా పాతబడతాయి?

2025 జూన్‌లో మిలాన్‌లో జరిగిన ఫ్యాషన్ ప్రదర్శనలో ఇటలీ సంస్థ ప్రాడా చూపించిన చెప్పులు అచ్చం కొల్హాపురి చెప్పుల్లా ఉండటంపై మన దేశంలో దుమారం రేగింది. విమర్శలు వచ్చాక, ఆ డిజైన్‌కు భారతీయ సంప్రదాయ పాదరక్షలే స్ఫూర్తి అని ఆ సంస్థ అంగీకరించింది. చర్చంతా పేరు, గుర్తింపు, ధర చుట్టూనే తిరిగింది. కానీ కొల్హాపురి చెప్పును ప్రత్యేకంగా నిలబెట్టేది ఆకారం ఒక్కటే కాదు. అది ఏ తోలుతో తయారైందన్నది కూడా అంతే ముఖ్యం.

మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాల్లో తయారయ్యే ఈ చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంప్రదాయ పద్ధతిలో వీటికి వాడేది తుమ్మ చెక్క, కరక్కాయలతో పదును పెట్టిన తోలు. ఆఫీసుకు వేసుకెళ్లే నల్ల బూట్ల పై తోలు మాత్రం దాదాపు ఎప్పుడూ క్రోమియం లవణాలతో పదును పెట్టినదే. ప్రపంచంలో తయారయ్యే తోలులో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ రెండో రకమే. దుకాణంలో రెండింటి మీదా ‘అసలైన లెదర్’ అనే ఉంటుంది. వానలో తడిసిన రోజు, రెండేళ్లు వాడిన తర్వాత, మూసిన అల్మారా తలుపు తీసినప్పుడు మాత్రం అవి ఒకే వస్తువు కావని తెలుస్తుంది.

లందలో వారాలు, డ్రమ్ములో గంటలు

పచ్చి చర్మంలో ఉండేది ప్రధానంగా కొలాజెన్ అనే మాంసకృత్తు. అది సన్నని దారాల్లా అల్లుకుని ఉంటుంది. తడిగా వదిలేస్తే కుళ్లిపోతుంది. ఎండబెడితే దారాలు ఒకదానికొకటి అతుక్కుని పలకలా బిగుసుకుపోతుంది. డప్పుకు బిగించేది ఇలాంటి పదును పెట్టని చర్మమే. అందుకే చెమ్మ తగిలితే డప్పు వదులవుతుంది, మంట దగ్గర కాపితే మళ్లీ బిగుస్తుంది. డప్పుకు ఆ గుణం కావాలి, చెప్పుకు అది పనికిరాదు. తడిసినా కుళ్లకుండా, ఆరినా బిగుసుకోకుండా ఆ దారాల మధ్య ఏదో ఒకటి చేరి నిలవాలి. తోలును పదును పెట్టడం అంటే అదే. పరిశ్రమలో దీన్నే టానింగ్ అంటారు.

తెలుగు పల్లెల్లో ఈ పని తరతరాలుగా మాదిగ కుటుంబాలు చేశాయి. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన చర్మాన్ని లందలో, అంటే తోళ్లు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయల రసంలో ఉంచేవారు. నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా బతుకమ్మలో పేర్చుకునే తంగేడు, ఒకప్పుడు మద్రాసు తోళ్ల వ్యాపారానికి ఆధారమైన చెట్టు. దక్షిణాది నుంచి ‘ఈస్టిండియా’ తోలు పేరుతో విదేశాలకు వెళ్లిన సరుకును దీని బెరడుతోనే పదును పెట్టేవారు. తర్వాతి కాలంలో దాని స్థానంలోకి వాటిల్ అనే మరో చెట్టు బెరడు సారం వచ్చింది.

ఈ బెరడుల్లో, కాయల్లో ఉండే వగరు పదార్థం పేరు టానిన్. పచ్చి కరక్కాయ నమిలితే నాలుక పిడచకట్టినట్టు అవుతుంది కదా! అక్కడ నోటిలోని మాంసకృత్తులను టానిన్ పట్టుకుంటుంది. చర్మంలోనూ జరిగేది అలాంటిదే. టానిన్ అణువులు పెద్దవి కాబట్టి లోపలికి నెమ్మదిగా ఇంకుతాయి. మందమైన గేదె తోలు మధ్య వరకూ రసం చేరడానికి వారాలు, పాత గుంట పద్ధతిలో అయితే నెలలు పడుతుంది. ఆ ఆలస్యాన్ని తగ్గించడానికే కొల్హాపురి పనివారు తోలును సంచిలా కుట్టి, అందులో బెరడు, రసం నింపి వేలాడదీస్తారు. రసం తన బరువుకు తానే తోలులోంచి ఊరి కిందికి కారుతుంది. ఇలా తయారైన తోలు బరువులో ఐదో వంతు నుంచి మూడో వంతు వరకూ టానినే ఉండవచ్చు. అంటే దారాల మధ్య ఖాళీ నిండిపోతుంది. అందుకే ఇది మందంగా, గట్టిగా, బరువుగా ఉంటుంది.

క్రోమియం పద్ధతికి 1884లో న్యూయార్క్‌లో అగస్టస్ షుల్జ్ పేటెంట్ పొందారు. 1893లో మార్టిన్ డెనిస్ దాన్ని సులువు చేశారు. తిరిగే డ్రమ్ములో చర్మాలు, నీళ్లు, ఉప్పు, ఆమ్లం, క్రోమియం సల్ఫేట్ వేస్తే ఒక్క రోజులో తోలు పదునెక్కి నీలి రంగుకు తిరుగుతుంది. ఇక్కడ ఖాళీ నిండదు. చిన్న చిన్న క్రోమియం గుంపులు కొలాజెన్ దారాల మధ్య కుట్లు వేసినట్టు బలమైన బంధాలు ఏర్పరుస్తాయి. ఎండిన తోలులో క్రోమియం ఆక్సైడ్ లెక్కన చూస్తే 4 శాతం ఉంటే చాలు. ఆ తర్వాత నూనె పట్టిస్తే తోలు పలుచగా, మెత్తగా, సాగేలా తయారవుతుంది.

ఒకటి నింపుడు, రెండోది కుట్టు. తడి, వయసు, వాసన విషయంలో రెండింటి మధ్య కనిపించే తేడాలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

ఒకే వాన, రెండు ఫలితాలు

జులైలో ఒక సాయంత్రం ఇద్దరు వానలో చిక్కుకున్నారనుకుందాం. ఒకరి కాళ్లకు కొల్హాపురి చెప్పులు, మరొకరికి నల్ల తోలు బూట్లు.

కొల్హాపురి అట్ట కొద్ది నిమిషాల్లోనే నీరు పీల్చడం మొదలుపెడుతుంది. టానిన్‌కు నీటితో స్నేహం ఎక్కువ. తడిసిన తోలు మెత్తబడి, ఒత్తితే ఒత్తిన ఆకారానికి వచ్చే స్థితికి చేరుతుంది. చెప్పు కుట్టేవారికి ఈ గుణం వరం. తడి తోలును అచ్చు మీద లాగి ఆరబెడితే ఆ ఆకారం నిలిచిపోతుంది. వేసుకున్నవారికీ కొంత లాభమే. రోజూ చెమటకు కాస్త చెమ్మగిల్లే అట్ట, మడమ, బొటనవేలు ఒత్తిడికి గుంటలు పడి ఆ మనిషి పాదానికే అచ్చుగా మారుతుంది. కానీ పూర్తిగా తడిసినప్పుడు ఇదే గుణం శత్రువు. మెత్తబడిన పట్టీలు సాగుతాయి, అట్ట అంచులు విచ్చుకుంటాయి. దారాలను గట్టిగా పట్టుకోని టానిన్ కొంత నీటిలో కరిగి, గోధుమ రంగు మరకగా పాదానికి, మేజోళ్లకు అంటుతుంది.

అసలు ప్రమాదం ఇంటికి వచ్చాక మొదలవుతుంది. తడి చెప్పును పొయ్యి దగ్గరో, కారు డ్యాష్‌బోర్డు మీదో పెడితే పని అయిపోయినట్టే. నీటిలో ఉన్న తోలు ఒక స్థాయి వేడి దాటగానే ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. పచ్చి చర్మానికి ఆ స్థాయి 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్. బెరడు తోలుకు 70 నుంచి 85 డిగ్రీలు. క్రోమ్ తోలు సక్రమంగా తయారైతే మరిగే నీటిని కూడా తట్టుకుంటుంది. వేడికి ముడుచుకున్న బెరడు తోలు నల్లబడి పెళుసవుతుంది. ఆ మార్పును ఏ నూనె కూడా వెనక్కి తీసుకురాలేదు.

ఇక బూటు సంగతి. పై తోలు మీది రంగు పూత మొదట నీటిని ఆపుతుంది. లోపలి క్రోమ్ తోలు కూడా ఒకసారి ఆరాక మళ్లీ నీటిని అంత తేలిగ్గా పీల్చదు. తడిసినా రంగు పెద్దగా వదలదు, ఆకారం చెడదు. నీరు లోపలికి వచ్చేది ఎక్కువగా కుట్ల రంధ్రాల నుంచి, నాలుక పక్క నుంచి. అయితే లోపలికి చేరిన తడి బయటికి పోయే దారి కూడా ఇరుకే. పూత మందంగా ఉంటే ఆవిరి దాని గుండా వెళ్లలేదు. అందుకే పైకి ఆరినట్టు కనిపించే బూటు లోపల మర్నాడు కూడా చెమ్మగానే ఉంటుంది.

మంచి బూట్లలో ఒకే జతలో రెండు తోళ్లూ కనిపించడానికి కారణం ఇదే. వంగుతూ, నీటిని తట్టుకోవాల్సిన పై భాగానికి క్రోమ్ తోలు. చెమట పీల్చుకుని, పాదానికి అచ్చుగా మారాల్సిన లోపలి అట్టకు, ఒరుసుకుపోవాల్సిన అడుగుకు బెరడు తోలు. చౌక బూట్లలో ఆ లోపలి అట్ట స్థానంలో గట్టి కాగితపు అట్ట, దాని మీద ప్లాస్టిక్ పొర వస్తాయి. పై తోలు రెండింటిలోనూ ఒకటే అయినా, పాదానికి ఉక్కపోత రెండో దానిలో ఎక్కువగా ఉండటానికి కారణం కనిపించని ఆ అట్టే.

ముదురు రంగు ఒకదానికి, పగుళ్లు మరొకదానికి

కొత్త బెరడు తోలు లేత గోధుమ రంగులో ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ టానిన్లు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముదురుతాయి. చేతి నూనె, చెమట, దుమ్ము, పాలిష్ దానికి తోడవుతాయి. గీతలు పడినా లోపలి రంగు, పై రంగు దాదాపు ఒకటే కాబట్టి అవి కలిసిపోతాయి. పాత చెప్పు నిగనిగలాడటం అంటే ఇదే.

అయితే అన్ని బెరడులూ ఒకేలా ముదరవు. తంగేడు, వాటిల్ తోలు ఎండకు ఎర్రబారుతుంది. కరక్కాయ తోలు అంతగా మారదు. ఈ సంగతి మద్రాసు తోళ్ల పనివారికి ఎప్పటి నుంచో తెలుసు. తంగేడుతో పదును పెట్టిన తోలును చివరగా కరక్కాయ రసంలో ముంచి తీసేవారు. ఎగుమతి సరుకు ఎర్రబారకుండా ఉండటానికి అది వారి ఉపాయం.

క్రోమ్ తోలు దాదాపు మారదు. వేసిన రంగు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పాతబడేది తోలు కన్నా ముందు దాని మీది పూత. వేళ్ల దగ్గర బూటు వంగే చోట పూత వెయ్యిసార్లు మడతపడి సన్నని పగుళ్లు వేస్తుంది. ఆ పగుళ్లలోంచి లోపలి వేరే రంగు కనిపిస్తుంది. పాలిష్ దాన్ని దాచగలదు కానీ మాన్పలేదు. ‘కరెక్టెడ్ గ్రెయిన్’ అనే రకంలో ఈ ఇబ్బంది ఎక్కువ. మచ్చలున్న తోలు పై పొరను గీకేసి, దాని మీద మందంగా పూత వేసి, కొత్త రూపం అచ్చు వేస్తారు. ఆ బూటు కొత్తలో అద్దంలా ఉంటుంది, పాతబడ్డాక పెచ్చులూడుతుంది.

బెరడు తోలుకూ బలహీనత ఉంది. రోజూ పీల్చే చెమటలోని లవణాలు, క్షారగుణం టానిన్ పట్టును నెమ్మదిగా సడలిస్తాయి. ఏళ్లు వాడిన లోపలి అట్ట బొటనవేలి కింద నల్లబడి, గట్టిపడి, చివరికి పగులుతుంది. చెమటను తట్టుకోవడంలో క్రోమ్ తోలుదే పైచేయి. కొందరు తయారీదారులు బెరడు తోలుకు తర్వాత కాస్త క్రోమియం పట్టించి ‘సెమీ క్రోమ్’ చేయడానికి, లైనింగ్‌కు అలాంటిది వాడటానికి ఇదొక కారణం.

వాసన ఎక్కడి నుంచి?

‘లెదర్ వాసన’ అని జనం చెప్పుకునేది చాలావరకు బెరడు తోలుదే. తడి చెక్క, ఎండుటాకు, కాస్త తీపి, కాస్త వగరు కలిసిన వాసన అది. క్రోమియం లవణానికి చెప్పుకోదగ్గ వాసన లేదు. కొత్త బూటు పెట్టె తెరిస్తే వచ్చేది తోలుకు పట్టించిన నూనె, రంగు పూత, జిగురు వాసన. తోలును మెత్తబరచడానికి చేప నూనె వాడి ఉంటే, అది పాతబడేకొద్దీ నీచు వాసన రావచ్చు. తోలు వాసన కోసం సువాసన ద్రవ్యాలు చల్లే పద్ధతీ ఉంది. కాబట్టి ముక్కును మాత్రమే నమ్మి తోలు రకాన్ని తేల్చలేం.

ఒక వాసనను మాత్రం తప్పక పట్టించుకోవాలి. కొత్త చెప్పు తడిసినప్పుడు కుళ్లు వాసన వస్తే, రసం తోలు మధ్య దాకా చేరలేదని అనుమానించాలి. తొందరపడి తీసిన మందపాటి తోలులో ఈ లోపం వస్తుంది. అంచు కోసి చూస్తే గోధుమ రంగు మధ్యలో తెల్లటి లేదా గాజులా మెరిసే చార కనిపిస్తుంది. అది పచ్చి చర్మమే. సన్నగా కోసిన ముక్కను వెనిగర్‌లో కాసేపు ఉంచితే ఆ చార ఉబ్బి జిగురులా పారదర్శకంగా మారుతుంది. అలాంటి చెప్పు మొదటి వానాకాలంలోనే లోపలి నుంచి కుళ్లుతుంది.

వానాకాలంలో ముక్క వాసన వేరు. అది బూజు వల్ల వస్తుంది. బెరడు తోలులో టానిన్‌తో పాటు బెరడు నుంచి వచ్చిన చక్కెరలు కూడా మిగులుతాయి. తేమను పట్టి ఉంచే గుణం దానికి తోడై, బూజుకు మంచి ఇల్లు అవుతుంది. క్రోమ్ బూటుకూ బూజు పడుతుంది కానీ ఎక్కువగా నూనె, మురికి, లోపలి గుడ్డ ఉన్నచోటే. తెల్లగా కనిపించేదంతా బూజు కాదు. పొడి గుడ్డతో తుడిస్తే పోయి, హెయిర్ డ్రయర్ గోరువెచ్చని గాలికి కరిగి మాయమైతే అది తోలులోంచి పైకి వచ్చిన కొవ్వు. పొడిగా మిగిలి ముక్క వాసన వేస్తే బూజు.

ఏ తోలో ఇంట్లోనే తెలుసుకోవడం

ముందుగా చూడాల్సింది అంచు. లోపలి వరకూ గోధుమ రంగే ఉంటే బెరడు తోలు అయ్యే అవకాశం ఎక్కువ. మధ్యలో నీలి బూడిద రంగు కనిపిస్తే క్రోమ్. లోపలి దాకా రంగు వేసిన తోలుకు ఈ పరీక్ష పనికిరాదు. అప్పుడు కత్తిరించిన చిన్న ముక్కను మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉంచాలి. బెరడు తోలు ముడుచుకుని చిన్నదై గట్టిపడుతుంది. క్రోమ్ తోలు దాదాపు అలాగే ఉంటుంది.

మూడో పరీక్ష శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు బాగా తెలిసినదే. కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీటిలో పులియబెట్టిన ద్రవంతో గీస్తే గీత నల్లగా తేలుతుంది. ఇనుము, టానిన్ కలిస్తే వచ్చే నలుపు అది. తుప్పు మేకును వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, ఆ నీటి చుక్కను తోలు లోపలి వైపు వేస్తే బెరడు తోలు నల్లబడుతుంది. తడిసిన చెప్పులో ఇనుప మేకు చుట్టూ నల్ల మచ్చలు రావడానికి కారణమూ ఇదే. సంప్రదాయ కొల్హాపురిని మేకులు లేకుండా తోలు దారంతోనే కుట్టడంలో ఈ లాభం కూడా ఉంది.

క్రోమ్ తోలును తయారీలో మళ్లీ బెరడు సారంతో నింపడం చాలా మామూలు. అలాంటి దానికి ఈ ఇనుప చుక్క కూడా నల్లబడవచ్చు. కాబట్టి ఇది ఒక్కటే చాలదు, మరిగే నీటి పరీక్షతో కలిపి చూడాలి. కాల్చి బూడిద రంగు చూడమని కొందరు చెబుతారు. అది వద్దు. ఆ వేడికి తోలులోని క్రోమియం హానికర రూపంలోకి మారవచ్చు.

హానికర రూపం అంటే?

టానింగ్‌లో వాడేది మూడు సంయోజకత ఉన్న క్రోమియం. అది చర్మానికి అంతగా హాని చేయదు. అదే క్రోమియం ఆక్సీకరణం చెంది ఆరు సంయోజకతకు మారితే అలర్జీ కలిగిస్తుంది, పాదాల మీద దురద, పొక్కులు తెస్తుంది. ఒకసారి ఆ అలర్జీ వచ్చినవారికి తర్వాత కొద్ది మోతాదు కూడా ఇబ్బందే. నాసిరకం చేప నూనె, తయారీలో క్షారగుణం మితిమీరడం, పొడి వేడిలో నిల్వ లాంటివి ఈ మార్పుకు దారి తీస్తాయి. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో ఇది కిలోకు 3 మిల్లీగ్రాములు మించకూడదని యూరోపియన్ యూనియన్ 2015 మే నుంచి నిబంధన పెట్టింది. దీనికి ఒక విరుగుడు మళ్లీ బెరడులోనే ఉంది. టానిన్లు ఆక్సీకరణాన్ని అడ్డుకుంటాయి కాబట్టి, క్రోమ్ తోలుకు చివర్లో బెరడు సారం పట్టిస్తే ఈ మార్పు తగ్గుతుంది.

తోలు తొడిగేవారి కన్నా ఎక్కువ మూల్యం చెల్లించింది తోళ్ల కర్మాగారాల పక్కన బతికేవారు. డ్రమ్ములో వేసిన క్రోమియంలో పాత పద్ధతిలో మూడో వంతు దాకా నీళ్లలోనే మిగిలిపోతుంది. తమిళనాడులో పాలార్ నది, భూగర్భ జలాలు తోళ్ల కర్మాగారాల వల్ల పాడవడంపై 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కాలుష్యం చేసినవారే పరిహారం చెల్లించాలన్న సూత్రాన్ని మన చట్టంలో స్థిరపరిచింది. బంగ్లాదేశ్‌లో ఢాకా నడిబొడ్డున ఉన్న హజారీబాగ్ తోళ్ల కర్మాగారాలను 2017లో కోర్టు ఆదేశాలతో మూయించి సావర్‌కు తరలించారు.

అలాగని బెరడు తోలు అంటే కాలుష్యం లేనిదని అనుకోవడం తప్పు. చర్మాలను నిల్వ చేసే ఉప్పు, వెంట్రుకలు తీసే సున్నం, సల్ఫైడ్ రెండు పద్ధతులకూ ఉమ్మడివే. పాలార్ పరీవాహకంలో నీరు తాగడానికి పనికిరాకుండా చేసిన వాటిలో ఉప్పుది పెద్ద పాత్ర. బెరడు రసం వ్యర్థంలో క్రోమియం ఉండదు కానీ, ముదురు గోధుమ రంగులో ఉండే ఆ నీరు వాగుల్లోని ఆక్సిజన్‌ను హరిస్తుంది, తొందరగా విచ్ఛిన్నం కాదు. ఏది కొన్నా, ఆ నీటిని శుద్ధి చేశారా లేదా అన్నది తోలు రకం మీద ఆధారపడదు.

వానాకాలానికి ఏది?

తడుస్తుందని తెలిసిన రోజు క్రోమ్ తోలు బూటు నయం. పొడిగా, వేడిగా ఉండే నెలల్లో పాదానికి బెరడు తోలు చెప్పు హాయి. బూటు కొనేటప్పుడు పై తోలు మెరుపు కన్నా లోపలి అట్టను వేలితో నొక్కి, అంచు చూసి కొనడం మేలు.

ఏది తడిసినా ఆరబెట్టే పద్ధతి ఒక్కటే. నీరు తుడిచి, లోపల పాత వార్తాపత్రిక కాగితం కూరి, నీడలో గాలి తగిలేచోట పెట్టాలి. కాగితం తడవగానే మార్చాలి. బూటును వరుసగా రెండు రోజులు వేసుకోకుండా ఒక రోజు విరామం ఇస్తే లోపలి అట్ట పూర్తిగా ఆరుతుంది. బెరడు తోలు చెప్పుకైతే, ఇంకా కొద్దిగా చెమ్మ ఉండగానే ఆముదం లాంటి నూనె పలుచగా రాయాలి. పూర్తిగా ఎండిపోయాక రాస్తే దారాలు అప్పటికే అతుక్కుని ఉంటాయి. ఎక్కువ రాస్తే అట్ట మెత్తబడి, దుమ్ము పట్టి, బూజుకు తిండి అవుతుంది. కొత్త కొల్హాపురి నడిస్తే కిర్రుమంటుంది. పొడి తోలు పొరలు ఒకదానితో ఒకటి ఒరుసుకునే చప్పుడది. నూనె పట్టేకొద్దీ అది తగ్గుతుంది. ఒకప్పుడు కిర్రు చెప్పులను గొప్పగా చెప్పుకున్నవారు మాత్రం ఆ చప్పుడు తగ్గకూడదనే కోరుకునేవారు.